80 శాతం అడ్వాన్స్ అడుగుతుండు, విడతల మీద ఎట్ల ఒప్పించాలె?

"అన్నా నమస్తే. మాది నర్సంపేట. నేను, మా ఆయన కలిసి కారం పొడి యూనిట్ పెడుదామనుకుంటున్నం. హైదరాబాద్‌ల ఒక ఫ్యాబ్రికేషన్ ఆయన 10 హెచ్‌పీ పల్వరైజర్, సైక్లోన్, ప్యానెల్ బోర్డు అన్నీ కలిపి 5 లక్షలు, మీదికెల్లి జీఎస్టీ 90 వేలు అని కొటేషన్ ఇచ్చిండు. 80 శాతం ఇప్పుడే కావాలంట, మిగిలింది లోడ్ చేసే ముందు. చేతిల 2 లక్షలే ఉన్నయి, మిగతాదానికి బంగారం కుదువ పెట్టాలె. మనిషి మంచోడే, పని మంచిగ చేస్తడని ఆయన దగ్గర కొన్నోళ్లు చెప్పిండ్రు. విడతలుగ ఇస్త అంటె నమ్మకం లేదా అని కోపానికొస్తడేమోనని భయమయితుంది. ఎట్ల అడగాలె?"

చెల్లెమ్మా, ఆయనకు ఫోన్ చేసే ముందు ఒక పని చేయండి, ఆయన పైసలు ఎక్కడ ఎప్పుడు ఖర్చయితయో జెర ఆయన జాగల నిలబడి చూడండి. నేను ఇరవై ఏండ్ల సంది నూనె గానుగ, కారం మర నడిపిస్తున్న, బాలానగర్ జీడిమెట్ల షెడ్లల్ల చాన రోజులు కూసున్న. ఆర్డర్ వచ్చిన వారంల ఆయన ఇనుప షీట్లు, యాంగిల్, షాఫ్ట్ కొంటడు, ఇనుము కొట్టోడు చిన్న షెడ్డుకు అరువియ్యడు, నగదే. తర్వాత మూడు నాలుగు వారాలు వెల్డరుకు, లేతు పనోనికి వారం వారం కూలి. మోటారు, బేరింగులు, ప్యానెల్ సామాను ఆఖరికి కొంటడు, ఎందుకంటె ముందే కొంటె పైసలు షెడ్డులనే ఇరుక్కుంటయి. అంటె ఆయన ఖర్చే విడతల మీద నడుస్తది. మరి 80 శాతం ఒక్కసారే ఎందుకు అడుగుతడంటె, ఎప్పుడో ఎవరో మిషన్ తయారు చేయించుకొని తీస్కపోకుండ పోయి ఉంటరు, లేదంటె ఆఖరి పైసల కోసం నెలలకు నెలలు తిప్పిచ్చుకొని ఉంటరు. ఆయన అడిగేది అట్లాంటి భయంతోని. ఆ భయానికి జవాబు మీ దగ్గర ఉంటె 80 ఎందుకని వాదించే పనే ఉండదు.

ఇంకో సంగతి కూడ చూడండి. 10 హెచ్‌పీ పల్వరైజర్ అంటె మామూలు సైజు, మీరు తీస్కపోకున్నా ఇంకొకలకు అమ్ముకుంటడు, ఒక నెల లేటయితది కావొచ్చు గని ఇనుము కిందికి పోదు. అదే మీ రూము కొలతకు హాపర్ ఎత్తు మార్పిచ్చిండ్రు, సైక్లోన్ పైపు వంపులు మీకోసమే చేపిచ్చిండ్రు అనుకోండి, అప్పుడు ఆయన రిస్కు నిజంగనే పెరుగుతది, అడ్వాన్స్ ఎక్కువ అడిగినా న్యాయమే. మీది ఏ రకమో ముందుగల్ల మీకు తెలిసి ఉండాలె.

నా మొదటి మిషన్‌కు నేను 90 శాతం ముందే కట్టిన. పేరు చెప్పను, అది ఆయనకూ నాకూ మధ్యల అయిపోయిన ముచ్చట. మిషన్ వచ్చింది, రెండో రోజే గేర్‌బాక్సుల చప్పుడు మొదలైంది. ఫోన్ చేస్తె ఎత్తుతడు, మంచిగనే మాట్లాడుతడు, "వస్త అన్నా ఈ వారం" అంటడు, రాడు. దొంగేం కాదు, ఆయన దగ్గర అప్పటికే కొత్త ఆర్డర్ల అడ్వాన్సులున్నయి, వాటి పని చేస్తె పైసలొస్తయి, నా దగ్గరికి వస్తె పెట్రోల్ ఖర్చు. రెండు నెలలు పోయినయి, సీజన్ పోయింది. మంచి మనిషిని కూడ మన పని దిక్కు తిప్పేది ఆయనకు ఇంకా రావాల్సిన బాకీయే అని అప్పుడు అర్థమైంది. అందుకే మొదటి విడత ఎంత అన్నదానికన్న ఆఖరి విడత ఎంత, అది ఎప్పుడు ఇస్తరు అన్నది గట్టిగ పట్టుకోవాలె.

మీ లెక్క నేనైతె ఇట్ల పెడ్త. ఆర్డర్ రోజు లక్షన్నర, ఇది మీ చేతిల ఉన్న 2 లక్షలల్ల నుంచే పోతది, ఆయనకు షీట్లు, షాఫ్టుకు సరిపోయేటట్టు ఉంటది. బాడీ వెల్డింగ్ అయ్యి, రోటర్ బ్యాలెన్సింగ్ చేపిచ్చి, మోటారు కొనే టైముకు ఇంకో లక్షన్నర. షెడ్డుల మీ మిర్చితోని ట్రయల్ చూసినంక, బండి ఎక్కించే ముందు లక్షన్నర, దాంతోపాటు జీఎస్టీ 90 వేలు మొత్తం, అంటె 2 లక్షల 40 వేలు. మిగిలిన 50 వేలు మీ దగ్గర ఫిట్టింగ్ అయ్యి నడిచినంక 30 రోజులకు. అన్నీ కూడితె 5 లక్షల 90 వేలే, ఆయనకు ఒక్క రూపాయి తక్కువైతలేదు, ఆ మాట ఆయనకు కూడ చెప్పండి.

జీఎస్టీ మొత్తం మూడో విడతల ఎందుకు పెట్టిన్నంటె, సరుకు కొనుగోళ్లల్ల అడ్వాన్స్ తీసుకున్నప్పుడు సప్లయర్ జీఎస్టీ కట్టే పని లేదు, ఇన్‌వాయిస్ కొట్టినప్పుడే కడతడు. జీఎస్టీ కాంపోజిషన్ స్కీముల లేనోళ్లకు ఇది 2017 నవంబర్ నుంచి ఇట్లనే ఉంది. గని ఇన్‌వాయిస్ కొట్టిండంటె నెల నెలా రిటర్న్ వేసేటోడైతె వచ్చే నెల 20 కల్లా మొత్తం 90 వేల మీద లెక్క చూపియ్యాలె, మీ దగ్గర ఎంత బాకీ ఉన్నా సర్కారుకు సంబంధం లేదు. ఆ ట్యాక్సుల నుంచి గూడ మనం కొంత ఆపితె ఆయన సొంత జేబుల నుంచి కట్టాలె, అది ఎవరికైనా కోపం తెప్పిచ్చే పని. "అన్నా ట్యాక్స్ మొత్తం బండి ఎక్కించే ముందే ఇస్త, అండ్ల ఒక్క పైసా ఆప" అని మీరే ముందుగల్ల అంటె, ఈమెకు లెక్క తెలుసు, ఎగ్గొట్టే రకం కాదు అని ఆయనకు సమజయితది.

ఇగ అడిగేది ఎట్ల అంటె, "మీ మీద నమ్మకం లేక కాదు గని" అని అస్సలు మొదలు పెట్టొద్దు, ఆ మాట వినంగనే మనిషికి నమ్మకం లేదన్నదే చెవుల పడుతది. మీ దగ్గర ఉన్న నిజమైన కారణం చెప్పండి, అది చాన గట్టిది. "అన్నా, మిషన్ మీ దగ్గరే చేపిస్తం, రేటు మీద మళ్ల బేరం చేయ. చేతిల 2 లక్షలున్నయి, అండ్ల లక్షన్నర రేపే వేస్త. మిగతాది బంగారం పెట్టి తేవాలె, ఇప్పుడే పెడితె మీరు మోటారు కొనేదాక ఊకెనే వడ్డీ కట్టాలె. మీకు మోటారు కొనాల్సిన రోజు చెప్పండి, ఆ రోజుకు పైసలు మీ అకౌంట్ల ఉంటయి" అని చెప్పండి. ఇండ్ల ఆయన్ను అనుమానించినట్టు ఒక్క ముక్క లేదు, అంతా మీ ఇంటి లెక్క. మా సార్లు ఒప్పుకోరు, బ్యాంకోళ్లు వద్దంటున్నరు అని లేనిది చెప్పకండి, ఫ్యాబ్రికేషన్ ఆయన పదిమందితోని మాట్లాడే మనిషి, ఒకనాడు బయటపడితె ఆ తర్వాత మీరు నిజం చెప్పినా నమ్మడు.

రేటు మీద బేరం చేయ అన్న మాట ఊకె రాయలేదు. రేటు తగ్గిచ్చుకొని మళ్ల విడతలు అడిగితె ఆయనకు రెండు దిక్కుల దెబ్బ, అప్పుడు ఒప్పుకున్నా మోటారు కంపెనీల, షీటు మందంల ఎక్కడో ఒక కాడ తగ్గిస్తడు. రెండిట్ల ఒకటే ఎంచుకోవాలె, నేనైతె విడతలే ఎంచుకుంట. ఆయన "80 ఇస్తె 10 వేలు తగ్గిస్త" అని కూడ అనొచ్చు. లెక్క చూస్తె నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున 3 లక్షలకు రెండు నెలలకు 6 వేలు, అంటె డిస్కౌంటే లాభం అన్నట్టు కనబడుతది. గని ఆ 4 వేల మిగులుకు మీరు 4 లక్షల 72 వేలు కండ్ల ముందు ఏమీ లేకుండనే ఆయన చేతుల పెట్టినట్టు. నేను తీసుకోను.

ఆయన మొదటి విడత తక్కువైంది అంటె, 2 లక్షల దాక పోవచ్చు, రెండోది లక్ష చేసుకోండి. ముందర ఇచ్చేటివి అటు ఇటు జరపండి, ఆఖరి 50 వేలు మాత్రం జరపకండి. అండ్ల గట్టిగ గుంజులాట వస్తది, ఎందుకంటె పదిమంది కస్టమర్లల్ల ఆఖరి 10 శాతం ఎగ్గొట్టేటోళ్లు ఆయనకు తగిలి ఉంటరు. "ఇగ ఆ 50 వేలు వచ్చినట్టే" అని మనసుల అనుకుంటడు. ఆ భయం పోవాలంటె ఆ పైసలు ఎప్పుడు, దేనికి ఇస్తరో రెండు ముక్కలల్ల తేల్చి చెప్పాలె. మంచిగ నడిచినంక ఇస్త అంటె అది ఎన్నటికీ రాని రోజు. "ఫిట్టింగ్ అయిన రోజు నుంచి 30 రోజులు, ఈ లోపల మోటారు, బేరింగు, ప్యానెల్‌ల తయారీ లోపం వస్తె మీరు సరి చేసినంక, ఏం లోపం లేకుంటె 30వ రోజు కచ్చితంగ" అని చెప్పండి.

ఇండ్లనే ఇంకో మెలిక ఉంది, అది మీ దిక్కు తప్పు కావొచ్చు. త్రీఫేజ్ కనెక్షన్ ఎన్పీడీసీఎల్ నుంచి రావడం లేటయితె మిషన్ మూల పడి ఉంటది, ఫిట్టింగే కాదు, ఆయన పైసలు మీ కరెంటు కోసం ఎదురు చూస్తయి. అది న్యాయం కాదు. "మా దిక్కు నుంచి ఆలస్యమైతె సరుకు దిగిన 45వ రోజు ఇచ్చేస్త" అని మీరే ముందు రాయండి. ఆ 45 ఎక్కడిదంటె, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సప్లయర్‌కు ఉద్యం రిజిస్ట్రేషన్ ఉండి మైక్రో, స్మాల్ కింద ఉంటె, రాసుకున్న ఒప్పందంల కూడ గడువు 45 రోజులు దాటొద్దు, రాతపూర్వకంగ ఏం లేకుంటె 15 రోజులే. దాటితె బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెల నెలా చక్రవడ్డీ, అడిగే హక్కు ఆయనకుంటది. అందుకే 30 రోజులన్నా 45 రోజులన్నా కాగితం మీద ఉండాలె. ఇంకొకటి, లోపం కనబడితె సరుకు దిగిన 15 రోజుల లోపల రాసి పంపాలె, అట్ల రాస్తె ఆ లోపం సరి చేసిన రోజు నుంచి గడువు లెక్క మొదలయితది. ఫోన్‌ల చెప్పిన అంటె లెక్కకు రాదు. మీకు జీఎస్టీ నంబరు ఉండి ఆ 90 వేల క్రెడిట్ తీసుకోవాలంటె ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల లోపల ఆయన పైసలు మొత్తం తీర్చి ఉండాలె, లేకుంటె కట్టని దాని వాటా క్రెడిట్ వాపస్ ఇయ్యాల్సి వస్తది, కాబట్టి బాకీ పెట్టుకొని సాగదీసుడు మీకూ నష్టమే.

ఆయన అప్పటికీ కదలకుంటె 50 వేలకు తర్వాతి తేదీ వేసిన చెక్కు అడుగుతడు. ఇస్తె ఇయ్యొచ్చు గని ఆలోచించి ఇయ్యండి, చెక్కు బౌన్స్ అయితె కేసు అయితది, మిషన్ నడవకున్నా ఆయన ఆ తేదీన బ్యాంకుల వేయొచ్చు, స్టాప్ పేమెంట్ పెట్టినా చిక్కు పోదు. అట్ల ఇస్తె ఆ చెక్కు నంబరు, దేనికి ఇచ్చిండ్రో, లోపం రాసి పంపితె సరి చేసేదాక వేయొద్దని వాట్సాప్‌ల రాసి ఆయనతోని సరే అనిపించుకోండి.

నేను చేసిన ఒక తప్పు కూడ చెప్త, ఇది ఇంకా మనసుల ఉంది. ఒకసారి ఫిల్టర్ మిషన్ కొన్నప్పుడు 20 వేలు ఆపిన, మిషన్ మంచిగనే నడుస్తుంది, అయినా పెయింట్ ఊడిందని, ఒక నట్టు తుప్పు పట్టిందని నెల మీద నెల జరుపుకుంట పోయిన. నిజానికి ఆ టైముల నాకు పైసలకు ఇబ్బంది, అది చెప్పకుండ పెయింట్ మీద పెట్టిన. ఆఖరికి ఇచ్చిన. ఆ సంవత్సరం పల్లికాయ సీజన్ల పంపు సీల్ పోతె ఆయనకు పన్నెండు సార్లు ఫోన్ చేసిన, ఎత్తలేదు. ఎత్తకపోవడం ఆయన తప్పంటె నా మనసొప్పలేదు. పైసలు లేటయితున్నయంటె ఆ గడువు కన్న నాలుగు రోజుల ముందు ఫోన్ చేసి "అన్నా ఈ తేదీకి కుదురుతలేదు, ఫలానా రోజు ఇస్త, ఇప్పుడు 15 వేలు వేస్తున్న" అని చెప్తె ఈ లైన్ల అందరూ అర్థం చేసుకుంటరు.

ట్రయల్ ముచ్చట చెప్పకుంటె మూడో విడతకు అర్థమే లేదు. మీ మిర్చి మీరే తీస్కపోండి, ఆయన షెడ్డుల ఉన్నది వద్దు, కనీసం 50 కిలోలు, తొడిమె తీసి మంచిగ ఎండినయి. మీరు ఏది పట్టిస్తరో అదే, తేజా అయితె తేజా, చపాటా అయితె చపాటా, ఎందుకంటె చపాటాను రంగు కోసం కొంటరు, మిషన్ వేడెక్కి పొడి కాలినట్టయితె ఆ రంగే పోతది. గంటకు ఎన్ని కిలోలు అని కొటేషన్‌ల రాసిండంటె ఏ జల్లెడ మీద అని అడగండి, సన్న జల్లెడ వేస్తె అదే మిషన్ సగం కూడ తీయకపోవచ్చు, అందుకే ఆర్డర్‌ల "ఈ జల్లెడ మీద గంటకు ఇన్ని కిలోలు" అని రెండూ కలిపి రాయాలె. ఖాళీగ తిప్పి చూపిస్తె అది ట్రయల్ కాదు, లోడ్ మీద అర గంటకు పైన ఆగకుండ నడవాలె. అప్పుడు వచ్చే పొడిని చేతిల పట్టుకోండి, గోరువెచ్చగ ఉంటె పర్వాలేదు, కాలుతుంటె గాలి సరిగ వస్తలేదన్నట్టు. ఎలక్ట్రీషియన్‌ను తీస్కపోతె క్లాంప్ మీటర్‌తోని ఆంపులు చూస్తడు, 10 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారుకు సుమారు 14 ఉంటది, అసలు లెక్క నేమ్‌ప్లేట్ మీద రాసి ఉంటది. దాని కన్న ఎక్కువ గుంజుతుంటె మోటారు ఎండల సీజన్ల కాలుతది. బేరింగ్ పెట్టె మీద చెయ్యి పెట్టి నిలపలేకపోతె అక్కడనే ఆపి చూపియ్యండి. ఏదన్న తేడా వస్తె అక్కడ గొడవ పెట్టుకోకండి, సరి చేసినంక మళ్ల వస్త అని చెప్పి, వచ్చిన ఖర్చు మీదే పెట్టుకోండి, మూడో విడత అప్పటిదాక ఆగుతది, అంతే.

ఇదంతా స్టాంపు పేపర్ మీద రాయాలంటె ఆయన బెదురుతడు. మాట్లాడుకున్న రోజు సాయంత్రమే వాట్సాప్‌ల ఇట్ల పెట్టండి: "అన్నా నమస్తే, ఈ రోజు మాట్లాడుకున్న లెక్క. ఆర్డర్‌కు 1,50,000. బాడీ అయ్యి మోటారు కొనేటప్పుడు 1,50,000, మీరు ఫొటో పెట్టిన తెల్లారి లోపల వేస్తం. మా మిర్చితోని ట్రయల్ అయినంక, లోడ్ ముందు 1,50,000, జీఎస్టీ 90,000. ఫిట్టింగ్ అయిన 30 రోజులకు 50,000, మా ఆలస్యమైతె దిగిన 45వ రోజు. ఏమన్న తప్పు రాస్తె చెప్పండి, లేకుంటె ఇట్లనే మీ ప్రొఫార్మా మీద రాసి పంపండి." ఆయన సరే అన్నంకనే మొదటి లక్షన్నర వేయండి, అది కూడ ప్రొఫార్మా మీద ఉన్న ఫర్మ్ పేరుతోని ఉన్న కరెంట్ అకౌంట్‌కే. ఇంట్లోళ్ల నంబరుకు ఫోన్‌పే చేయమంటె, ఎంత మంచోడైనా, మర్యాదగ వద్దనండి, రేపు ఇన్‌వాయిస్‌కు మ్యాచ్ కాదని చెప్పండి.

రెండో విడతకు ఫొటో వచ్చినా వీలైతె మీ ఆయన ఒక్కసారి పోయి చూసి రావాలె. నర్సంపేట నుంచి పొద్దుగాల బస్సు ఎక్కితె రాత్రికి ఇంటికొస్తరు. తనిఖీకి వచ్చినట్టు పోవద్దు, ఇంటి నుంచి పచ్చడి సీసా పట్టుకొని పోయి, అక్కడ వెల్డర్‌తోని రెండు మాటలు మాట్లాడి, బాడీ మీద మీ పేరు చాక్‌పీసుతోని రాసి ఉందో లేదో చూసి, చాయ్ తాగి రమ్మనండి. అట్ల చూసొచ్చిన సాయంత్రమే పైసలు పడ్డయంటె మూడో విడతకు ఆయనే మీకు ఫోన్ చేసి ట్రయల్ ఎప్పుడు పెడుదాం అని అడుగుతడు.

ఎనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి బాగ దిగే టైముకు మిషన్ ఫిట్టింగ్ అయ్యి ఉండాలంటె దసరా దాటకముందే ఆర్డర్ ఇయ్యండి, కరెంటు అప్లికేషన్ అయితె ఈ వారమే పెట్టండి.